సీతారామలక్ష్మి పేరు మీద కారు

ఆలమూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట వరండాలో దస్తావేజులు రాసే భాస్కరం చేత ఏదైనా కొనిపించాలంటే ముందు సిద్ధాంతి ఒప్పుకోవాలి. తరవాత వారం, వర్జ్యం ఒప్పుకోవాలి. అవన్నీ ఒప్పుకున్నాక భాస్కరం ఒప్పుకోవాలి. అసలు చిక్కంతా అక్కడే ఉండేది.

పెళ్ళైన కొత్తలో భార్య సీతారామలక్ష్మి గ్రైండరు అడిగితే, అది కూతురికి అక్షరాభ్యాసం అయ్యాక ఇంటికొచ్చింది. ఫ్యాను అడిగిన ఎండాకాలం వేరు, అది తిరిగిన ఎండాకాలం వేరు. పిసినారి అనుకునేరు, కాదు. ఊళ్ళో ఎవరికి అవసరం పడినా చేతిలో ఉన్నది తీసిచ్చే మనిషే. కాకపోతే, ఊరందరి పొలాలకీ హద్దులు రాసీ రాసీ, ఏ పనికైనా నాలుగు వైపులా చూసుకోకుండా అడుగు వెయ్యలేని జబ్బు పట్టుకుంది. చూసుకునేలోపు బస్సు వెళ్ళిపోయేది.

ఆ మాటకొస్తే సీతారామలక్ష్మికి బస్సంటేనే పడదు. ఎక్కి పక్కూరు జొన్నాడ దాటకుండానే కడుపులో తిప్పేది. చేతిలో నిమ్మకాయ పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎవరు పలకరించినా తల మాత్రం ఊపేది. ఆమె జీవితంలో గట్టిగా అడిగిన పెద్ద వస్తువు కారు ఒక్కటే. "చిన్నదైనా సరేనండి, కిటికీ పక్కన కూర్చుంటాను," అనేది. భాస్కరం కాదనలేదు. కాదనడం అతనికి చేతకాదు. వచ్చే ఏడు అన్నాడు. ఆ ఏడు వచ్చేసరికి ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. కాకినాడ ఆసుపత్రికి వెళ్ళినన్నాళ్ళూ బస్సులోనే వెళ్ళింది. ఆఖరిసారి మాత్రం అంబులెన్సులో వచ్చింది.

ఆమె పోయిన రెండేళ్ళకి హైవే వెడల్పు చేయడం మొదలుపెట్టారు. రోడ్డు పక్క భూములకి రెక్కలొచ్చాయి. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు వరండాలో బారులు తీరారు. భాస్కరం చేతిలో నాలుగు డబ్బులాడాయి. ఒకరోజు పొద్దున్నే స్నానం చేసి వచ్చి, కారు కొంటానని తనకు తానే పైకి చెప్పుకున్నాడు. అతనికి డ్రైవింగ్ రాదు. ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దూరం. ఎవరి కోసం కొంటున్నావయ్యా అని అడిగే మనిషి ఇంట్లో లేదు, ఉండుంటే బాగుండేది.

అలవాటు పోతుందా, సిద్ధాంతి దగ్గరికి వెళ్ళాడు. ఊళ్ళో సిద్ధాంతి మంచం పట్టాడని ఈసారి మండపేట వెళ్ళాడు. కొత్త మనిషి. ఆయన వేళ్ళు లెక్కపెట్టి పెదవి విరిచాడు.

"మీ నామనక్షత్రానికి ఈ ఏడు వాహనం పనికిరాదండి. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా అమ్మాయి శ్రీసుధ. పెళ్ళి చేసి తణుకు ఇచ్చామండి."

"గోత్రం మారిపోయింది కదండీ. ఇంకెవరి పేరూ లేదా?"

భాస్కరం నోట్లోంచి ఆ పేరు వచ్చేసింది. "సీతారామలక్ష్మి" అన్నాడు. సిద్ధాంతి మొహం విప్పారింది. దివ్యంగా ఉంది, ఆ పేరు మీద తీసుకోండి, ఇల్లాలి పేరున బండొస్తే మంచిది అన్నాడు. ఆ ఇల్లాలు లేదని భాస్కరం చెప్పాలి. చెప్పలేదు. అన్ని మంచిమాటలు చెబుతున్నాడు, ఇప్పుడు ఆయన్ని ఆపి ఆ ఒక్క మాట ఎలా చెప్పడం? దక్షిణ పెట్టి లేచి వచ్చేశాడు.

రాజమండ్రి షోరూములో కొత్త చిన్న కారుకి జనం తోసుకుంటున్నారు. ఫ్యాక్టరీ నెలకి పంపేవి కాసిని, అడిగేవాళ్ళు ఊరంతా. కౌంటరు దగ్గర ప్రసన్నకుమారి అనే అమ్మాయి ఓపిగ్గా అన్నీ చెప్పింది. బుకింగుకి పదివేలు కట్టాలి. తెల్ల రంగయితే నాలుగు నెలలు పడుతుంది, మిగతా రంగులకి ఇంకాస్త ఎక్కువ. కట్టిన దానికి వడ్డీ ఏమీ రాదు.

"పేరు మార్చడానికి మాత్రం ఉండదండి. వరసలో సీటు సంపాదించి పైన డబ్బులేసుకుని అమ్మేస్తున్నారు కదా, అందుకని కంపెనీ ఒప్పుకోవట్లేదు. ఎవరి పేరున బుక్ చేస్తే వాళ్ళకే బండి."

"ఒకవేళ వద్దనుకుంటేనండి?"

"మీ పేరున బండి ఎలాట్ కాకముందే చెబితే అయిదొందలు పట్టుకుని మిగతాది వెనక్కి ఇస్తాం. ఎలాట్ అయ్యాక చెబితే ఎక్కువ కోసేస్తారు. బుక్ చేసినవాళ్ళ సంతకంతో లెటరు, ఒరిజినల్ రసీదు ఇవ్వాలండి. మూడు వారాల్లో చెక్కొస్తుంది. అదీ వాళ్ళ పేరు మీదే వస్తుంది."

"మేడం గారి సంతకం కావాలండి," అంది చివర్లో, సీతారామలక్ష్మి పేరు రాసిన ఫారం ఇటు తిప్పి.

భాస్కరం ఫారం పట్టుకుని రోడ్డవతల టీ కొట్టుకి వెళ్ళాడు. అంతకాలం దస్తావేజులు రాసిన మనిషి, ఎదురుగా మనిషిని చూడందే వేలిముద్ర వేయించని మనిషి, టీ గ్లాసు పక్కన ఆ ఫారం పెట్టుకుని భార్య సంతకం తనే చేశాడు. గుండ్రటి అక్షరాలు, 'లక్ష్మి' దగ్గర కాస్త కిందకి జారేది. చెయ్యి వణకలేదు. అందుకు తరవాత చాలాసార్లు సిగ్గుపడ్డాడు, అప్పుడు మాత్రం హాయిగా అనిపించింది.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం వరండా పక్కన ఎస్టీడీ బూత్ నడిపే ఆరోన్ కేక వేశాడు. ఇంటి నంబరుతో పాటు ఆ బూత్ నంబరు కూడా భాస్కరం ఫారంలో రాయించాడు. అవతల ప్రసన్నకుమారి.

"సార్, మేడం గారు రంగు మార్చమన్నారండి. ఒకసారి మీతో కూడా చెబుదామని."

"ఏ మేడమండి?"

"సీతారామలక్ష్మి గారండి. పొద్దున్న ఫోన్ చేశారు. తెలుపు వద్దంట, గచ్చకాయ రంగు ఉందా అని అడిగారు. నాకర్థం కాలేదు. మా అకౌంటెంటు గారు చెప్పారు, గ్రే అన్నమాట అని. దానికి వెయిటింగ్ ఇంకో నెల ఎక్కువండీ అంటే, మాకేం తొందర్లేదమ్మా అన్నారు." ఆ పిల్ల నవ్వింది. "అందరూ మమ్మల్ని తిట్టేవాళ్ళేనండి. ఆవిడే పాపం నువ్వు అన్నం తిన్నావా అని అడిగారు."

భాస్కరం రిసీవరు చెవికి నొక్కుకున్నాడు. గచ్చకాయ రంగు అన్న మాట ఆ ఇంట్లో ఒక్క మనిషే వాడేది. చీరల కొట్టులో ఆ రంగు అడిగి కొట్టువాడిని విసిగించేది.

"ఎవరో ఆటపట్టించి ఉంటారమ్మా," అన్నాడు.

"నంబరు మీ ఇంటిదేనండి. మాకు కొత్తగా కాలర్ ఐడీ పెట్టారు, అందులో పడింది."

ఎవరో తెలిసినవాళ్ళ పని అనుకున్నాడు. అనుకోవడానికి అంతకంటే మంచిది దొరకలేదు. ఇల్లు ఊడ్చే బుల్లెమ్మని అడిగితే ఆవిడ రెండు చెంపలూ వాయించుకుంది. "ఆ ఫోను మోగితేనే నాకు గుండె జారిపోద్ది బాబుగారూ, నేను ముట్టుకుంటానా!" నిజమే. పైగా ఆవిడ పొద్దున్నే పని చేసుకుని భాస్కరం ఉండగానే వెళ్ళిపోతుంది. ఆ తరవాత తలుపుకి తాళం. తాళంచెవి భాస్కరం జేబులో.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి తాళం చూశాడు. బాగానే ఉంది. కిటికీలు చూశాడు, గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. హాల్లో స్టూలు మీద ఫోనుంది. రిసీవరు తిరగేసి పెట్టి ఉంది. తీగ కుడివైపుకి వేలాడుతోంది.

సీతారామలక్ష్మిది ఎడం చెయ్యి వాటం. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ రిసీవరు అలాగే ఉండేది. ఆమె మాట్లాడి పెట్టేసిన ప్రతిసారీ భాస్కరం విసుక్కుంటూ సరిచేసేవాడు. ఇప్పుడు దాన్ని సరిచెయ్యడానికి చెయ్యి ముందుకి చాచి, ముట్టుకోలేక వెనక్కి తీసుకున్నాడు. వీధి తలుపు బార్లా తీసి, అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళందరినీ పేరు పెట్టి పలకరించాడు.

ఆ తరవాత ఫోనులు ఆగలేదు. వారం పది రోజులకోసారి ప్రసన్నకుమారి ఏదో ఒకటి చెప్పేది. ముందు సీటు కిటికీ అద్దం పూర్తిగా కిందకి దిగుతుందా అని మేడం అడిగారు. కొత్త బండి వాసన ఎన్నాళ్ళుంటుందని అడిగారు, వాసనలు పడవంట. డెలివరీ మంగళవారం వద్దన్నారు. బండి రాగానే అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించాలన్నారు. ఆ పిల్ల ఇదంతా ముచ్చటగా చెబుతుంటే భాస్కరం "ఊఁ, ఊఁ" అంటూ చెమట తుడుచుకునేవాడు. ఆవిడ లేదని చెప్పడానికి నోరు తెరిచిన ప్రతిసారీ, టీ కొట్టులో చేసిన సంతకం గొంతుకి అడ్డం పడేది. లేని మనిషి పేరు మీద దొంగ సంతకం చేశానని దస్తావేజులు రాసేవాడు ఎలా చెప్పుకుంటాడు?

అతను రెండుసార్లు పని మధ్యలో ఇంటికి వెళ్ళి తలుపు తెరిచాడు. ఎవరూ లేరు. కానీ లోపల మధ్యాహ్నం పూట మూసిన ఇంట్లో ఉండే ముక్కిన వాసన లేదు. అప్పటిదాకా ఎవరో మసలిన ఇల్లులా ఉంది. రెండోసారి స్టూలు పక్కకి కుర్చీ జరిపి ఉంది. ఎక్కువసేపు నిలబడలేనిది ఆమె, ఆఖరి రోజుల్లో కూర్చునే మాట్లాడేది.

చివరికి కూతురికి ఫోన్ చేశాడు, ఆరోన్ బూత్ నుంచే. శ్రీసుధ అంతా వింది.

"నాన్నా, అమ్మకి సంవత్సరీకాలు పెట్టాం కదా. పంపించేశాం కదా. మరి కారుందని ఆశపెట్టి వెనక్కెందుకు పిలిచారు?"

"నేను పిలవలేదమ్మా. పేరు బాగుందన్నాడని..."

"పేరు పెట్టి పిలిస్తే రాదా నాన్నా అమ్మ? ఎప్పుడు రాలేదు గనక?" ఆ పిల్ల ఏడుస్తోంది. "బతికున్నప్పుడు ఎదురు చూసింది చాలదూ? బండి రాకముందే క్యాన్సిల్ చేసెయ్యండి. ఆ పేరు తీయించేయండి. అమ్మని ఆ ఫోను చుట్టూ తిప్పకండి."

ఆ మాట భాస్కరానికి సూటిగా తగిలింది. భయం ఎటు పోయిందో గాని, దాని చోట్లో జాలి వచ్చి కూర్చుంది. తాళం వేసిన ఇంట్లో ఒక్కతీ కుర్చీలో కూర్చుని, కారు ఎప్పుడొస్తుందా అని అడుగుతున్న మనిషి కళ్ళలో మెదిలింది. ఆమెని ఆ ఎదురుచూపులోంచి విడిపించాలి. కారు పోతే పోయింది, ఆమెకి శాంతి ఉంటే చాలు. ఎలాట్‌మెంటు ఆ నెలాఖరులోగా వచ్చేస్తుందని ప్రసన్నకుమారి అంతకుముందే చెప్పింది. ఒకసారి వచ్చిందంటే ఇన్వాయిసు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను అన్నీ ఆమె పేరు మీదే. ఇక ఆ పేరు ఆ బండిని వదలదు.

జీవితంలో మొదటిసారి భాస్కరం వర్జ్యం చూసుకోకుండా బయల్దేరాడు. తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, రసీదు, లెటరు జేబులో పెట్టుకుని రాజమండ్రి బస్సెక్కాడు. లెటరు కింద సంతకం మళ్ళీ తనే చేశాడు. ఈసారి 'లక్ష్మి' మరీ కిందకి జారిపోయింది.

షోరూము మేనేజరు శశిభూషణ్ లెటరు చదివి తల గోక్కున్నాడు.

"తప్పకుండా చేద్దామండి. కాకపోతే మేడం గారితో ఒక్క మాట చెప్పించాలి. మొన్నొకాయన భార్య బుక్ చేసిన బండిని ఆవిడకి తెలీకుండా క్యాన్సిల్ చేయించాడు. ఆవిడొచ్చి మా కౌంటరు అద్దం పగలగొట్టినంత పని చేసింది. అప్పట్నుంచి పేరున్నవాళ్ళని అడక్కుండా చెయ్యట్లేదండి."

"ఇంట్లో ఎవరూ లేరండి. తాళం వేసొచ్చాను."

"ఒకసారి ప్రయత్నిద్దాం సార్, పోయేదేముంది," అంటూ ప్రసన్నకుమారి అప్పటికే నంబరు నొక్కుతోంది.

భాస్కరం ఆ పిల్ల మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు. మోగనీ. మోగి మోగి ఆగిపోనీ. అలా ఆగిపోతే, ఇన్నాళ్ళదీ పిచ్చి అనుకుని ఇంటికి పోవచ్చు.

"నమస్తే మేడం! బావున్నారా?" అంది ప్రసన్నకుమారి.

భాస్కరం కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"సార్ ఇక్కడే ఉన్నారండి... అవునండీ, బుకింగ్ క్యాన్సిల్ చెయ్యమంటున్నారు. మిమ్మల్ని అడిగి చెయ్యాలి కదా అని..."

అవతల ఏదో అంటున్నారు. ఆ పిల్ల వింటోంది. షోరూములో ఏసీ చప్పుడు, బయట లారీల చప్పుడు, అంతే. భాస్కరానికి అవతలి గొంతు వినపడలేదు. ఒప్పుకోదు, అనుకున్నాడు. అంతకాలం అడిగింది, ఇప్పుడు ఎందుకు ఒప్పుకుంటుంది? ఒప్పుకోనంటే ఏం చెయ్యాలో మాత్రం అతనికి తెలీదు.

"అలాగేనండి... అలాగే మేడం... ఆఁ, ఇస్తానండి. ఉంటాను."

ఆ పిల్ల రిసీవరు పెట్టేసి మేనేజరు వైపు తిరిగింది. "మేడం సరేనన్నారండి." టకటకా రసీదు మీద స్టాంపు గుద్ది, కంప్యూటరులో ఏదో నొక్కి, లోపలికి వెళ్ళి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి భాస్కరం ముందు పెట్టింది.

"తాగండి సార్. ఆయన ఎండలో వచ్చుంటారు, మజ్జిగ ఇవ్వమ్మా అన్నారు."

"సరేనందా?" అన్నాడు భాస్కరం. "ఏమీ అనలేదా?"

"ఆయన ఎలా అంటే అలాగేనమ్మా, నాదేముంది అన్నారండి."

ఆ మాట అతను ఎన్నిసార్లు విన్నాడో. గ్రైండరు దగ్గర విన్నాడు, ఫ్యాను దగ్గర విన్నాడు, కాకినాడ బస్టాండులో ఆమె బెంచీ మీద ఒరిగి ఉన్నప్పుడు విన్నాడు. అప్పుడంతా అది ఒప్పుకోలు అనుకుని, హమ్మయ్య అనుకుని, తన పని చూసుకున్నాడు. ఇప్పుడు ఈ ఏసీ గదిలో, ఎవరో పిల్ల నోటి మీదుగా వింటే, అందులో ఎంత నిరాశ ఉందో తెలిసింది.

"వద్దమ్మా! క్యాన్సిల్ వద్దు. ఉంచెయ్యండి."

ప్రసన్నకుమారి నొచ్చుకుంది. "అయిపోయిందండి, సీటు తరవాతి వాళ్ళకి వెళ్ళిపోయింది. మళ్ళీ బుక్ చేసుకోవచ్చండి, కానీ వరసలో ఆఖరికి వెళ్తుంది. ఇప్పుడు ఆర్నెల్లు చెబుతున్నారు."

"ఫోనివ్వమ్మా. నేను మాట్లాడతాను."

ఆ పిల్ల నంబరు నొక్కి రిసీవరు అతనికిచ్చింది. మోగుతోంది. హాల్లో స్టూలు, స్టూలు పక్కన కుర్చీ, కుర్చీలో ఆమె, అన్నీ కనిపిస్తున్నాయి అతనికి. మోగుతూనే ఉంది. తియ్యి, అనుకున్నాడు. ఒక్కసారి తియ్యి. లైను దానంతటదే తెగిపోయింది. మళ్ళీ చేయించాడు. మళ్ళీ మోగి తెగిపోయింది. ఇన్నాళ్ళూ ఫోనులో మాట్లాడింది, అన్నం తిన్నావా అని ముక్కూమొహం తెలీని పిల్లని అడిగింది. అతని వంతు వచ్చేసరికి ఎత్తలేదు.

"బయటికెళ్ళారేమోనండి," అన్నాడు శశిభూషణ్ మర్యాదగా. "మూడు వారాల్లో మేడం పేరు మీద చెక్కు పంపిస్తాం. క్రాస్డ్ చెక్కు కాబట్టి ఆవిడ అకౌంటులోనే వేసుకోవాలి."

భాస్కరం రిసీవరు కిందపెట్టాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"ఆ అకౌంటు లేదండి. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఆ సంతకాలు నేను చేశాను."

శశిభూషణ్ లెటరు టేబులు మీద పెట్టేశాడు. తరవాత అతనిలోని మేనేజరు తేరుకున్నాడు. అలాగైతే డెత్ సర్టిఫికెట్టు, వారసుల కాగితం తేవాలని, కూతురు అభ్యంతరం లేదని రాసివ్వాలని, హెడ్డాఫీసు ఏమంటుందో కనుక్కుని, అయిదొందలు పోను మిగిలింది భర్త పేరున ఇప్పించే ఏర్పాటు చూస్తానని, గొంతు తగ్గించి చెప్పాడు. సంతకాల మాట ఎత్తలేదు. అతని చూపు మాత్రం టేబులు మీది ఫోను మీదే ఉంది.

ప్రసన్నకుమారి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మొహంలో రక్తం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భాస్కరం ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాడు. భయపెట్టినందుకు క్షమించమని అడగాలనుకున్నాడు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇంకేమైనా అందామ్మా? ఏదైనా సరే. చెప్పు."

ఆ పిల్ల నోటి మీంచి కొంగు తీసింది.

"పెట్టేసే ముందు ఒకటి అడిగారండి. నేను మామూలుగా ఆఁ అనేశాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అయితే ఆయన ఇంటికి బస్సులోనే వస్తారా అని అడిగారు."

భాస్కరం మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, కండువాతో మూతి తుడుచుకుని, ఆలమూరు బస్సు ఎన్నింటికుందో అడిగి, దగ్గర్లోని కోటిపల్లి బస్టాండు వైపు గబగబా నడిచాడు.